బీపీ ఉంటే నంచుకోవడానికి ఆవకాయా, రోటి పచ్చడా, చల్ల మిరపకాయా: ఏది మేలు?

బీపీ అని తేలగానే ఇంట్లో మొదటి వేటు ఆవకాయ జాడీ మీదే పడుతుంది. డాక్టరు పచ్చళ్ళు మానెయ్యమంటారు, పెద్దాయన నిజంగానే మానేస్తాడు, మరి పప్పన్నంలో నంచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా, రెండు చల్ల మిరపకాయలూ ఒక అప్పడమూ వేయించమంటాడు. పచ్చడి ముట్టుకోవట్లేదు కాబట్టి ఉప్పు తగ్గిందనే ధీమా. కానీ లెక్క వేస్తే తగ్గింది దాదాపు సున్నా. నా ఉద్దేశంలో ఆవకాయ మీద పడ్డ చెడ్డపేరులో సగం చల్ల మిరపకాయలూ అప్పడాలూ వడియాలూ పంచుకోవాలి.

ముందు ఆవకాయ లెక్కే చూద్దాం. ఇళ్ళలో కొలతలు రకరకాలు, కానీ కిలో ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి తలా 175 గ్రాములు, నూనె ఒక 350 గ్రాములు అనుకుంటే అటూ ఇటూగా సరిపోతుంది. మొత్తం తూకం 1,875 గ్రాములు, అందులో ఉప్పు 175, అంటే వందకి తొమ్మిది దాటింది. అన్నం తినే పెద్ద స్పూనుతో గుజ్జు, ముక్క కలిపి వేసుకుంటే సుమారు 15 గ్రాములు వస్తుంది, అందులో ఉప్పు 1.4 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు, అదీ కూరలో, పప్పులో, చారులో, ఇడ్లీ పిండిలో వేసినదంతా కలిపి. పొద్దున దోసెలోకి ఒక స్పూను, మధ్యాహ్నం పప్పులోకి ఒకటి, రాత్రి పెరుగన్నంలోకి ఒకటి వేసుకునే మనిషికి పచ్చడితోనే 4.2 గ్రాములు అయిపోయింది, వంటల ఉప్పు ఇంకా లెక్కలోకే రాలేదు. నాలుకకి ఇది తెలియదు, ఎందుకంటే కారం, పులుపు, ఆవ ఘాటు కలిసి ఉప్పుని కప్పేస్తాయి. అంతే ఉప్పు చారులో పడితే నోట్లో పెట్టుకోలేం.

ఇప్పుడు చల్ల మిరపకాయలు. కొందరు ఊర మిరపకాయలు అంటారు. కిలో పచ్చిమిరపకాయలకి గాటు పెట్టి, 100 గ్రాముల ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు తీసి ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేస్తారు, మజ్జిగంతా ఇంకిపోయేదాకా ఇదే పని. ఇంకిపోయేదాకా అన్నదగ్గరే ఉంది అసలు సంగతి. నీళ్ళు ఎండకి పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు, వేసిన 100 గ్రాములూ ఆ కాయల్లోకే చేరతాయి. కిలోకి 200 కాయలు తూగాయనుకోండి, కాయకి అర గ్రాము ఉప్పు. రెండు కాయలకి ఒక గ్రాము. దానికి అప్పడం ఒకటి తోడైతే మరో అర గ్రాముకి దగ్గరగా వస్తుంది. అంటే మానేసిన ఒక స్పూను ఆవకాయకీ దీనికీ తేడా లేదు.

అప్పడంలో ఇంకో చిక్కు ఉంది, అందులో సోడియం అంతా ఉప్పు రూపంలోనే ఉండదు. పిండి సాగడానికీ, వేగినప్పుడు పొంగడానికీ పాపడ్ ఖార్ గానీ సోడా గానీ కలుపుతారు, రెండూ సోడియం ఉన్నవే, కానీ ఉప్పగా ఉండవు. కాబట్టి అప్పడం చప్పగా ఉంది కదా, ఫరవాలేదు అనుకోవడానికి లేదు. నూనెలో వేయించకుండా నిప్పు మీద కాల్చుకుంటే నూనె తగ్గుతుంది, సోడియం అంతే ఉంటుంది.

రోటి పచ్చడి సంగతి వేరు. నిల్వ పచ్చడిలో ఉప్పు పని రుచి ఒక్కటే కాదు, ఏడాదిపాటు బూజు పట్టకుండా కాపలా కాయడం కూడా. రోటి పచ్చడి ఆ పూటకో, మహా అయితే మర్నాటికో, కాబట్టి రుచికి సరిపడా వేస్తే చాలు. దోసకాయ పచ్చడో, బీరపొట్టు పచ్చడో, గోంగూరో 300 గ్రాములు చేస్తే ఉప్పు చిన్న స్పూను నిండా, అంటే 5 గ్రాములకి మించి పట్టదు. అంటే వందకి ఒకటిన్నర, ఆవకాయలో ఆరో వంతు. 30 గ్రాములు వేసుకుంటే అర గ్రాము ఉప్పు. అయితే రోటి పచ్చడిని మనం నంచుకోం, కూరలా కలుపుకుని తింటాం. 100 గ్రాములు లాగించేస్తే ఒకటిన్నర గ్రాములు, ఆవకాయ స్పూనుతో సమానం అయి కూర్చుంటుంది. అయినా నేను దీనికే ఓటేస్తాను, ఎందుకంటే ఇందులో ఉప్పు సగానికి తగ్గించినా పచ్చడి పాడవదు, చింతపండో నిమ్మరసమో కాస్త ఎక్కువ పడితే లోటు కూడా తెలియదు. ఇంట్లో చేసినదాని మాటే ఇది, కర్రీ పాయింట్ పచ్చడిలో ఎంత వేశారో మనకి తెలిసే దారి లేదు.

మరి ఆవకాయలోనే ఉప్పు తగ్గించి పెట్టుకోకూడదా అంటే, జాడీలో ఏడాది ఉండేదానికి కూడదు. తగ్గిస్తే వానాకాలం వచ్చేసరికి పైన తెల్లటి పొర కడుతుంది, బుడగలు వస్తాయి, ముక్క మెత్తబడి పులిసిన వాసన వేస్తుంది, అలా అయ్యాక పైపైన తీసేసి తినడం కాదు, మొత్తం పారెయ్యాల్సిందే. దాని బదులు బీపీ ఉన్నవాళ్ళ కోసం విడిగా చిన్న సీసాడు కలుపుకోవచ్చు. పుల్లటి మామిడికాయ ముక్కలు పావు కిలో, కారం 40, ఆవపిండి 40, నూనె 80, ఉప్పు 20 గ్రాములు. కలిపితే 430 గ్రాములు, ఉప్పు వందకి ఐదు లోపే. చెక్కు తీసి సన్నగా తరిగిన ముక్కలైతే రెండు రోజుల్లో ఊరతాయి. ఇది మొదటి రోజు నుంచీ ఫ్రిజ్‌లోనే ఉండాలి, తడి లేని స్పూనే వాడాలి, రెండు మూడు వారాల్లో అయిపోవాలి, వెల్లుల్లి వెయ్యకపోతే మంచిది. చిన్న స్పూనుతో 7 గ్రాములు వేసుకుంటే ఉప్పు 0.3 గ్రాములే. కోడి, రొయ్యల పచ్చళ్ళతో మాత్రం ఈ ప్రయోగం చెయ్యొద్దు, వాటిలో ఉప్పూ పులుపూ తగ్గితే ప్రమాదం.

కొలతలో ఇంకో మాట. పాత లెక్కలు గిద్దలతో, సోలలతో, దంచిన కల్లుప్పుకి చెప్పినవి. అదే గిన్నెతో ప్యాకెట్ మెత్తటి ఉప్పు కొలిస్తే ఖాళీలు తక్కువ కాబట్టి తూకం ఎక్కువ పడుతుంది. వంటింటి తూకం ఉంటే గ్రాముల్లోనే వెయ్యండి.

నిల్వ ఆవకాయ వదల్లేనివాళ్ళకి, వదలమని పోట్లాడటం కంటే దాని చుట్టూ ఉన్న ఉప్పు తీసెయ్యడం తేలిక. ముద్దపప్పులో ఉప్పు వెయ్యకుండా ఒక చిన్న స్పూను ఆవకాయ కలుపుకుంటే, ఉన్న 0.65 గ్రాములే పప్పుకీ అన్నానికీ సరిపోతుంది. పెరుగన్నంలో మాగాయ ఉన్నప్పుడు అందులోనూ ఉప్పు అక్కర్లేదు. ముక్క ఒకటి చాలు, రోజుకి ఒక పూటే, జాడీ మాత్రం బల్ల మీదకి రాకూడదు, వచ్చిందంటే రెండో స్పూను ఎలాగూ పడుతుంది.

చల్ల మిరపకాయలు, వడియాలు ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి ఆవకాయకి లేని వెసులుబాటు ఉంది. వీటిని నిల్వ ఉంచేది ముఖ్యంగా ఎండు, ఉప్పు కాదు. కాబట్టి కిలో మిరపకాయలకి 50 గ్రాములే వేసి, కాయ విరిస్తే పెళుక్కున విరిగేదాకా మే నెల ఎండలో బాగా ఎండబెడితే నిలుస్తాయి, మధ్యలో మబ్బు పడితే మాత్రం బూజు భయం. గుమ్మడి వడియాల పిండి రుచి చూసి ఉప్పు సరిపోయింది అనిపించిందంటే ఎండాక ఎక్కువైనట్టే లెక్క, చప్పగా అనిపించేలా కలపాలి.

కొనేవాళ్ళు సీసా వెనక సోడియం అంకె చూడండి. 100 గ్రాములకి ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. సోడియం 4,000 మిల్లీగ్రాములు అని ఉంటే ఉప్పు 10 గ్రాములన్నమాట. చాలామంది సోడియం బెంజోయేట్ పేరు చూసి టెన్షన్ పడతారు గానీ అది వేసేది చాలా కొద్దిగా, అసలు సోడియం మామూలు ఉప్పుదే.

సైంధవ లవణం వేస్తే బీపీకి మంచిదని ఒక మాట తిరుగుతోంది. అది కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా అయోడిన్ కలిపి ఉండకపోవచ్చు. నిజంగా తేడా ఉన్నది పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పుకి. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా డాక్టర్ని అడగకుండా మొదలెట్టకూడదు, ఆ మాత్రలు కూడా పొటాషియాన్ని కొంత నిలబెడతాయి. ఉద్దానం లాంటి చోట్ల, కిడ్నీ జబ్బు చాప కింద నీరులా ఉన్న ఊళ్ళలో, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోకుండా ఆ ప్యాకెట్ కొనవద్దనే చెబుతాను.

ఎండుచేపల్లో తేడా కొనేటప్పుడే తెలుసుకోవాలి. ఇసుక మీద ఉత్తి ఎండకి ఎండిన నెత్తళ్ళు వేరు, ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన ఉప్పు చేప వేరు. రెండోదాని మీద తెల్లటి పొడి, గరుకు ఉప్పు పలుకులు కనిపిస్తాయి. తప్పనిసరై వండితే ముక్కలు చేసి వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో వెయ్యండి. ఒక చిన్న ముక్క ఉడికించి రుచి చూసి, ఇంకా ఉప్పగా ఉంటే మరోసారి నీళ్ళు మార్చాలి. పులుసులో మాత్రం ఉప్పు అసలు వెయ్యకుండా మొదలుపెట్టి, చేప ఉడికాక చూసుకోవాలి, చాలాసార్లు వెయ్యాల్సిన పనే ఉండదు.