మెథోట్రెక్సేట్ డబ్బాలోని కాగితం: ఏ తెలుగు వాక్యం మేలు?

రుమటాయిడ్ కీళ్లవాతానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. దీన్ని వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. అలాంటి మరణాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. 2019లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఈ పొరపాటును ఆపడానికే కొత్త జాగ్రత్తలు సూచించింది. అందుకే ఈ డబ్బాలోని కాగితాన్ని తెలుగు చేసేటప్పుడు మోతాదు వాక్యం దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

10 మి.గ్రా. మోతాదు, చేతిలో 2.5 మి.గ్రా. మాత్రలు అనుకుందాం. రెండు రకాలుగా రాయొచ్చు.

ఒకటి: “వారానికి 4 మాత్రలు (10 మి.గ్రా.) తీసుకోవాలి.”

రెండు: “వారంలో ఒక్కరోజే వేసుకోండి. మీ రోజు: ________. 4 మాత్రలూ ఆ రోజే వేసుకోండి. మిగతా ఆరు రోజులు ఈ మందు వేసుకోవద్దు.”

మొదటిదాంట్లో తప్పేమీ లేదు, పొట్టిగా కూడా ఉంది. కానీ చదివినవాళ్లు రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు వేసుకుంటే వాళ్లను తప్పు పట్టలేం. రెండోది మాటలు పెరిగినా ఆ సందు ఇవ్వదు. ఖాళీలో డాక్టర్ చేత రోజు పేరు రాయించుకోవాలి, అంకెలో కాదు. మాత్రల సంఖ్య కూడా మనిషిని బట్టి మారుతుంది కాబట్టి అచ్చులో దానికీ ఖాళీయే ఉంచాలి. ఈ మందుతో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ సంగతి పక్క వాక్యంలో ఇరికించకుండా వేరే పేరాలో పెట్టడం మంచిది. చాలా కంపెనీల్లో రెండూ చిన్న పసుపు మాత్రలే, కలిసిపోతే టెన్షనే.

ఇక ఎవరు వాడకూడదు అన్న భాగం. మన చేతికి అలవాటైన వాక్యం ఒకటుంది: “గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ సలహా లేకుండా వాడరాదు.” దగ్గు సిరప్ నుంచి లేపనం దాకా అన్నిటి మీదా ఇదే. మెథోట్రెక్సేట్‌కు ఇది పనికిరాదు. సలహా ఉంటే వాడొచ్చన్న అర్థం ఇందులో దాగి ఉంది. కీళ్లవాతానికి వాడేటప్పుడు గర్భిణులకు ఈ మందు పూర్తిగా నిషిద్ధం, బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు, గర్భం పోవచ్చు. “వాడకపోవడం మంచిది” అని మర్యాదగా మెత్తబరచడమూ అంతే ప్రమాదం. “మీరు గర్భవతి అయితే, పాలిస్తుంటే ఈ మందు వేసుకోవద్దు” అని తెగ్గొట్టి చెప్పాలి. లివర్, కిడ్నీ తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లకూ ఇదే వాక్యం. షుగర్ లాంటివి మాత్రం “ముందు డాక్టర్‌కు చెప్పండి” అన్న రెండో శీర్షిక కిందికి వెళ్తాయి. ఈ రెండు జాబితాలనూ “జాగ్రత్తలు” అనే ఒకే గంపలో పోయకూడదు.

అన్నిటికన్నా చర్చ జరగాల్సింది దుష్ప్రభావాల గురించే. ఇంగ్లిష్ కాగితంలోని “కామన్”కు ఎక్కువమంది అనువాదకులు “సాధారణం” అని, “అన్‌కామన్”కు “అసాధారణం” అని రాస్తారు. మనకు సాధారణం అంటే మామూలే, భయపడనక్కర్లేదని. “సాధారణ దుష్ప్రభావాలు: తెల్ల రక్తకణాలు తగ్గడం” అని చదివిన రోగి నిశ్చింతగా కూర్చుంటాడు. తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి సరిచూసే పద్ధతిలో ఈ లోపం దొరకదు, ఎందుకంటే “సాధారణం” మళ్లీ “కామన్”గానే వస్తుంది. నలుగురు రోగుల చేత చదివించి, “ఇది వస్తే ఏం చేస్తారు?” అని అడిగితేనే బయటపడుతుంది.

దానికి బదులు అంకె మేలు. “కామన్” అంటే 100 మందిలో ఒకరి నుంచి 10 మందిలో ఒకరి లోపు, “అన్‌కామన్” అంటే 1000 మందిలో ఒకరి నుంచి 100 మందిలో ఒకరి లోపు. రోగికి “10 మందిలో ఒకరి వరకు రావచ్చు”, “100 మందిలో ఒకరి వరకు రావచ్చు” అన్న శీర్షికలు చాలు. అయితే ఇందులోనూ ఒక చిక్కుంది: కొందరు 100 పెద్ద అంకె కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం అనుకుంటారు. అందుకే పక్కన “ఇంకా తక్కువమందికి” అని చేర్చడం నాకు నచ్చిన మధ్యేమార్గం.

అంకె ఎంతమందికో చెబుతుంది గానీ ఎంత ప్రమాదమో చెప్పదు. వికారం 10 మందిలో ఒకరికి మించి వస్తుంది, చాలామంది తట్టుకుంటారు. పొడి దగ్గు, ఆయాసం అంతకన్నా తక్కువమందికే వచ్చినా ఊపిరితిత్తుల వాపుకు గుర్తు కావచ్చు. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు, తేలిగ్గా కమిలిన మచ్చలు కూడా ఇంకో ప్రమాదానికి గుర్తులు కావచ్చు. వీటిని ఆ జాబితాలో వాటి చోట ఉంచుతూనే, పైన “మందు ఆపి వెంటనే డాక్టర్‌ను కలవండి” అన్న పెట్టెలో మరోసారి రాయాలి. కాగితం అర పేజీ పెరిగినా ఈ పునరుక్తిని కొట్టేయొద్దని ఎడిటర్‌కు ముందే చెప్పి పెట్టుకోవాలి.