గేమ్‌లో చప్పుళ్లకు వేవ్ మేలా, ఆగ్ మేలా? మా తప్పెటగుళ్ల ఆటలో తేలిన లెక్క

విజయనగరంలో నేను, బొబ్బిలిలో మా బావ, ఇద్దరం కలిసి తప్పెటగుళ్ల మీద ఒక చిన్న మొబైల్ గేమ్ చేస్తున్నాం. పదహారు మంది గుండ్రంగా తిరుగుతుంటారు, అందరి గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు. ఆడేవాళ్లు తాళం తప్పకుండా స్క్రీన్ మీద కొడుతుండాలి, అంతే ఆట. వినడానికి తేలికే గానీ ఇలాంటి ఆటకి చప్పుడే ప్రాణం. వేలు తగిలిన క్షణానికి దెబ్బ వినపడకపోతే ఇంకేం ఉన్నా లాభం లేదు.

మొదట్లో సౌండ్లన్నీ కుదించిన ఫార్మాట్ అయిన ఆగ్, అంటే `.ogg` లోకి మార్చేశాం. ఫైళ్లు చిన్నవి అవుతాయి, గేమ్ సైజు తగ్గుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాం. నా కంప్యూటర్లో బాగానే నడిచింది. బావ తన పాత ఫోన్లో పెట్టి, పదహారు మందీ ఒకేసారి తప్పెట కొట్టే ఘట్టం వచ్చేసరికి ఫోన్ చేశాడు: "ఏటి బావా ఇది, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టుంది?" అక్కడి నుంచి మొదలైంది మా వెతుకులాట.

విచిత్రం ఏమిటంటే బొమ్మ ఎక్కడా తడబడలేదు, ఫ్రేమ్ రేటు నిలకడగానే ఉంది. అందుకే ముందు స్పీకర్ పాడైందేమో అనుకున్నాం. కానీ గేమ్ ఇంజన్‌లో సౌండ్ పని వేరే త్రెడ్‌లో జరుగుతుంది. మేం వాడే గోడో ఇంజన్‌లో అవుట్‌పుట్ లేటెన్సీ, అంటే చప్పుడు బయటికి రావడానికి పట్టే ఆలస్యం, మామూలుగా 15 మిల్లీసెకన్లు ఉంటుంది. ధ్వనిని క్షణక్షణం కొలిచిన అంకెలే శాంపిల్స్, సెకనుకి 44,100 లెక్కన ఆ వ్యవధికి సుమారు 660 శాంపిల్స్. ఇంచుమించు అంత వ్యవధిలోనే మోగుతున్న చప్పుళ్లన్నిటినీ కలిపి ఒక ముక్క తయారు చేసి ఫోన్‌కి అందించాలి. ఒక్కసారి ఆలస్యమైనా ఆ చోట ఖాళీ పడుతుంది, ఆ ఖాళీయే మన చెవికి 'చిట్' అని వినిపిస్తుంది.

ఇప్పుడు రెండు ఫార్మాట్లూ ఆ ముక్కని ఎలా అందిస్తాయో చూడండి. మామూలు వేవ్ ఫైల్లో ఉన్నవి నేరుగా శాంపిల్ అంకెలే. మిక్సర్ వాటిని తీసుకుని, వాల్యూమ్‌తో గుణించి కలుపుకుంటే చాలు. ఆగ్ ఫైల్లో మనం వాడేది వోర్బిస్ అనే కుదింపు పద్ధతి. అందులో ధ్వని శాంపిళ్ల రూపంలో ఉండదు, ఏ పౌనఃపున్యం ఎంత ఉంది అన్న లెక్కగా కుదించి ఉంటుంది. మోగించే ప్రతిసారీ ఆ కట్టు విప్పి, గణితం చేసి, అలని మళ్లీ కట్టాలి. ఒక్క పాటకైతే ఎంత పాత ఫోన్ అయినా దీన్ని లెక్కచెయ్యదు. మాకు మాత్రం పదహారు తప్పెటలు, పదహారు జతల గజ్జెలు, మొత్తం 32 ఒకే క్షణంలో మొదలవుతాయి. అది చాలదన్నట్టు ప్రతి వోర్బిస్ ఫైలు మొదట్లో దాన్ని విప్పడానికి కావలసిన పట్టికలు ఉంటాయి, డీకోడర్ పని మొదలుపెట్టే ముందు వాటితో సిద్ధం కావాలి. మూడు నిమిషాల పాటకి ఆ సిద్ధమయ్యే పని ఒక్కసారే. సెకనులో మూడో వంతు కూడా లేని తప్పెట దెబ్బకి మాత్రం దెబ్బ దెబ్బకీ అదే పని.

ఇది నిజంగా డీకోడింగ్ వల్లేనా, ఇంకేదైనా కారణమా అని తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. సీన్ అదే ఉంచి, ఆ చప్పుళ్లే వేవ్‌లో పెట్టి, అదే ఫోన్లో ఆడించాలి. చిటపట పోతే డీకోడింగే కారణం. పోకపోతే చప్పుళ్లన్నీ కలిసి వాల్యూమ్ హద్దు దాటి చిట్లుతున్నాయేమో చూడాలి, అప్పుడు ఫార్మాట్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు, డెసిబెల్స్ తగ్గించాలి. మాకు వేవ్ పెట్టగానే చిటపట పోయింది.

"అయితే మెమరీ?" అన్నాడు బావ. సరైన ప్రశ్నే. కూర్చుని లెక్క వేశాం. మోనో, 16 బిట్, 44,100 శాంపిల్స్ అంటే సెకనుకి 88,200 బైట్లు. మా తప్పెట దెబ్బ ఒక్కోటి సుమారు 0.3 సెకన్లు, అంటే 26 కేబీ. ఒకే దెబ్బ పదే పదే వినిపిస్తే మిషన్ కొట్టినట్టు ఉంటుందని తప్పెటకీ గజ్జెకీ కలిపి 24 రకాలు రికార్డ్ చేశాం. అన్నీ కలిపి 635 కేబీ, ఒక్క ఎంబీ కూడా లేదు. వీటినే ఆగ్‌లోకి మారిస్తే ఒక్కోటి ఆరేడు కేబీకి వస్తుంది, అందులోనూ సగానికి పైగా ఇందాక చెప్పిన పట్టికలే. అంటే మిగిలేది అర ఎంబీ లోపు. ఆ అర ఎంబీ కోసం 32 డీకోడర్లు ఒకేసారి నడపడం ఏం బేరం?

జనం గోలకి వచ్చేసరికి లెక్క తిరగబడింది. ఆట వెనకాల ఊరి జాతరలో వినిపించే సందడి ఉంటుంది, 40 సెకన్ల స్టీరియో. వేవ్‌లో అది 7 ఎంబీ, అంటే తప్పెటలూ గజ్జెలూ అన్నీ కలిపిన దానికి పదకొండు రెట్లు. ఆగ్‌లో 128 కేబీపీఎస్ దగ్గర సుమారు 640 కేబీకి వచ్చేసింది. అది ఎప్పుడూ ఒక్కటే మోగుతుంది కాబట్టి ఒకే డీకోడర్ చాలు. దాన్ని వేవ్‌లో ఉంచాల్సిన కారణం నాకు ఒక్కటీ కనపడలేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. డిస్క్ మీద ఆగ్ చిన్నది కాబట్టి ర్యామ్‌లోనూ చిన్నదే అనుకుంటారు. అది ఇంజన్ మీద ఉంటుంది. గోడో ఆగ్‌ని కుదించిన రూపంలోనే ర్యామ్‌లో ఉంచి మోగేటప్పుడు విప్పుతుంది కాబట్టి పై లెక్క సరిపోయింది. పైగేమ్‌లో `pygame.mixer.Sound` తో తెరిస్తే ఆగ్ అయినా మొత్తం విప్పి ర్యామ్‌లో పెట్టేస్తుంది, అంటే మా జనం గోల అక్కడ మళ్లీ 7 ఎంబీయే. అలాంటి పొడుగు ఫైల్ని అక్కడ `pygame.mixer.music` తో మోగించాలి, అది కొంచెం కొంచెంగా చదువుకుంటుంది. యూనిటీలో అయితే మీరిచ్చిన ఫైలు వేవా ఆగా అన్నది మెమరీ వరకు దాదాపు అప్రస్తుతం, ఇంపోర్ట్ చేసేటప్పుడు అదే మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. `Load Type` దగ్గర `Decompress On Load` ఎంచుకుంటే వోర్బిస్ సౌండ్ ర్యామ్‌లో కుదించినదానికి పది రెట్ల దాకా అవుతుంది. ఎలాగూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి అక్కడ వేవే ఇవ్వండి, ఆగ్ ఇస్తే రెండుసార్లు కుదించినట్టై నాణ్యత ఊరికే పోతుంది.

వేవ్‌ని కూడా తగ్గించుకోవచ్చు. స్టీరియోలో ఉన్న దెబ్బని మోనో చేస్తే సగం పోతుంది, ఎవరికీ తేడా తెలియదు. శాంపిల్ రేటు 22,050 చేస్తే ఇంకో సగం పోతుంది గానీ అప్పుడు 11 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదేదీ మిగలదు. అడుగుల చప్పుడుకి పర్వాలేదు. రేకు తప్పెటకి చేసి చూశాం, దాని గణగణ పోయి అట్టపెట్టె మీద కొట్టినట్టు అయింది, వెంటనే వెనక్కి మార్చేశాం. గోడోలో వేవ్ ఇంపోర్ట్ చేసేటప్పుడు `Compress > Mode` ఏముందో కూడా ఒకసారి చూసుకోండి. అక్కడ కుదించని రూపమైన పీసీఎం కాకుండా వేరేది ఉంటే వేవ్ కూడా కుదించినదే అవుతుంది, నా లెక్కలు మీకు సరిపోవు.

ఇక లూపింగ్. మమ్మల్ని ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది ఇదే. జనం గోల ప్రతి 40 సెకన్లకి ఒకసారి ఠక్కున ఆగి మళ్లీ మొదలైనట్టు వినిపించేది. ఆగ్‌ని తిట్టుకున్నాం. తీరా చూస్తే తప్పు ఆగ్‌ది కాదు. బావ ఆ రికార్డింగ్‌ని నాకు ఎంపీ3లో పంపాడు, నేను దాన్నే ఆగ్‌గా మార్చాను. ఎంపీ3 ఎన్‌కోడర్ మొదట్లోనూ చివరలోనూ కొంచెం నిశ్శబ్దం కలుపుతుంది. ఆగ్‌లోకి మార్చినా ఆ నిశ్శబ్దం అలాగే ఉండిపోవచ్చు. వోర్బిస్‌కి ఆ జబ్బు లేదు, ఏ శాంపిల్ దగ్గర ఆగాలో ఫైల్లోనే రాసి ఉంటుంది కాబట్టి అతుకు ఖాళీ లేకుండా పడుతుంది. ఫోన్లోని అసలు రికార్డింగ్ వేవ్‌గా తెప్పించుకున్నాక ఖాళీ పోయింది, కానీ చిన్న 'టప్' మిగిలింది. అప్పుడు వేవ్‌నే లూప్‌లో పెట్టి విన్నాను, అందులోనూ 'టప్' ఉంది. అంటే నేను కత్తిరించిన చోటే సరిగ్గా లేదు, చివరి శాంపిల్‌కీ మొదటి శాంపిల్‌కీ పొంతన లేదు. ముందు వేవ్‌ని లూప్‌లో వినకుండా ఆగ్ మీద నింద వెయ్యకండి.

దీనికి ఆడాసిటీలో చేసిన మందు చెబుతాను. 42 సెకన్ల రికార్డింగ్ తీసుకుని సరిగ్గా మధ్యలో కోశాను. రెండో సగాన్ని ముందుకీ, మొదటి సగాన్ని వెనక్కీ పెట్టి, మధ్యలో రెండు సెకన్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా జరిపి క్రాస్‌ఫేడ్ చేశాను. 40 సెకన్లు మిగిలింది. ఇప్పుడు కొత్త ఫైలు చివరా మొదలూ అసలు రికార్డింగ్‌లో పక్కపక్కన ఉన్న శాంపిళ్లే, అందుకే అతుకు అన్నదే లేదు. అసలు అతుకు ఫైలు మధ్యలోకి పోయి జనం సందడిలో కలిసిపోయింది. ఆ తర్వాతే ఆగ్‌లోకి:

```
ffmpeg -i janam.wav -c:a libvorbis -q:a 4 janam.ogg
```

గోడోలో `Janam` అనే `AudioStreamPlayer` నోడ్‌కి `_ready()` ఫంక్షన్ లోపల లూప్ ఆన్ చెయ్యడం ఇంతే:

```
var janam = preload("res://sounds/janam.ogg")
janam.loop = true
$Janam.stream = janam
$Janam.play()
```

వోర్బిస్ శాంపిళ్లని అచ్చం అలాగే తిరిగి ఇవ్వదు, కొద్ది తేడా ఉంటుంది. జనం గోలలో ఆ తేడా ఎవరికీ పట్టదు. శ్రుతి పెట్టె లాంటి నిలకడ నాదం అయితే అతుకు దగ్గర చిన్న వణుకు కూడా చెవికి గుచ్చుకుంటుంది, దాన్ని వేవ్‌లోనే లూప్ చెయ్యడం మంచిది. ఇంకో తేడా కూడా ఉంది. గోడోలో ఆగ్‌కి లూప్ ఎక్కడ మొదలవ్వాలో `loop_offset` తో చెప్పగలం గానీ ఎక్కడ ముగియాలో శాంపిల్ లెక్కన చెప్పలేం, మామూలుగా ఫైలు చివరిదాకా వెళ్తుంది. వేవ్‌కి `loop_begin`, `loop_end` రెండూ శాంపిల్ లెక్కన పెట్టుకోవచ్చు.

మాకు గజ్జెల గలగల దగ్గర సరిగ్గా ఇదే కావాల్సి వచ్చింది. మొదట కాలు మోపిన చప్పుడు, మధ్యలో ఎంతసేపైనా సాగే గలగల, చివర ఆగిపోయే చప్పుడు, మూడూ ఒకే ఫైల్లో ఉన్నాయి. మధ్య ముక్క అర సెకను, అదొక్కటే తిరగాలి. వేవ్‌లో పెట్టి ఆ రెండు అంకెలూ ఇచ్చాం. ఆటగాడు వేలు తీసినప్పుడు లూప్ మోడ్ ఆపేస్తే చివరి ముక్క దానంతటదే మోగుతుంది. ఆ ఫైలు సెకనున్నర పొడవు, 132 కేబీ. బావ ఈసారి కూడా తన పాత ఫోన్లోనే పెట్టి చూశాడు, చిటపట లేదు.