టాబ్లో క్లౌడ్‌లో ఫుల్ రిఫ్రెషా, ఇంక్రిమెంటలా?

ఫుల్ రిఫ్రెష్ అంటే ఎక్స్‌ట్రాక్ట్‌ని, అంటే టాబ్లో తన దగ్గర దాచుకున్న పాత డేటా కాపీని, పక్కన పెట్టి టేబుల్ మొత్తం మళ్లీ చదవడం, కాబట్టి సోర్స్‌లో ఏం మారినా, ఏం డిలీట్ అయినా డాష్‌బోర్డ్‌లో అలాగే కనిపిస్తుంది. ఇబ్బందల్లా టైమే. టాబ్లో క్లౌడ్‌లో ఎక్స్‌ట్రాక్ట్ రిఫ్రెష్‌కి 2 గంటల పరిమితి ఉంది, అది దాటితే జాబ్ ఫెయిలై పాత డేటానే మిగులుతుంది.

ఇంక్రిమెంటల్ అలా కాదు. మీరు ఎంచుకున్న కాలమ్‌లో ఇప్పటిదాకా ఉన్న గరిష్ఠ విలువ చూసి, అక్కడి నుంచి ఉన్న రోలనే తెచ్చి కలుపుతుంది. వేగం బాగుంటుంది, కానీ చిక్కంతా ఇక్కడే.

కాలమ్‌గా `order_date` పెట్టారనుకోండి. 3వ తేదీన వచ్చిన 500 రూపాయల ఆర్డర్ 5న క్యాన్సిల్ అయితే, ఎక్స్‌ట్రాక్ట్‌లో అది అమ్మకంగానే ఉండిపోతుంది. పోనీ అని `updated_at` పెడితే ఇంకా ఘోరం: మారిన రో కొత్తగా వచ్చి చేరుతుంది, పాతది పోదు, ఒకే ఆర్డర్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, జాబ్ సక్సెస్ అనే చూపిస్తుంది! అందుకే వర్క్‌బుక్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఆర్డర్‌కి ఒకే రో ఉండే టేబుల్‌లో తేడా వస్తే డూప్లికేట్లు చేరినట్టే:

```
COUNT([order_id])
COUNTD([order_id])
```

లాగ్స్, సెన్సర్ రీడింగ్స్ లాంటి ఒకసారి రాశాక మారని డేటాకి ఇంక్రిమెంటలే సరి. ఆర్డర్లకైతే నేను రోజూ ఇంక్రిమెంటల్, వారానికోసారి ఫుల్ పెడతాను. ఆ ఫుల్ 2 గంటల్లో పూర్తవ్వాలంటే వాడని కాలమ్స్ హైడ్ చేసి, పాత సంవత్సరాలను ఎక్స్‌ట్రాక్ట్ ఫిల్టర్‌తో తీసేయండి.