పెట్టీ క్యాష్ ఇంప్రెస్ట్ ఎంట్రీ: ఆరేళ్ల వాడకం, ఒక మార్చి 31

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల డీలర్ దగ్గర లెక్కలు రాస్తాను. ఆరేళ్లుగా మా చిల్లర ఖర్చులు ఇంప్రెస్ట్ పద్ధతిలోనే నడుస్తున్నాయి: పెట్టెలో పది వేల ఫ్లోట్ ఉంచి, ఖర్చయినంత మళ్లీ బ్యాంకు నుంచి తెచ్చి నింపడం. ఇందులో నాకు బాగా నచ్చిన దాని గురించే చెబుతాను: పెట్టె నింపేటప్పుడు వేసే ఆ ఒక్క ఎంట్రీ.

అంతకు ముందు చీటీకొక ఎంట్రీ వేసేవాణ్ణి. ఆటోకి అరవై, టీకి నూట ఇరవై, కొరియర్‌కి ఎనభై. ప్రాణం విసిగేది. ఇప్పుడు రెండు వారాలకోసారి వోచర్లన్నీ బల్ల మీద పరిచి, హెడ్ల వారీగా కుప్పలు పెట్టి, కూడి, ఒకే పేమెంట్ ఎంట్రీ వేస్తాను. డెబిట్ వైపు ఖర్చు హెడ్లు, క్రెడిట్ వైపు బ్యాంకు. పెట్టీ క్యాష్ ఖాతాను ముట్టుకోను.

ఎంట్రీ కంటే దాని ముందు చేసే లెక్క నాకు ఇంకా ఇష్టం. వోచర్ల మొత్తం, పెట్టెలో మిగిలిన నగదు కలిస్తే పది వేలు రావాలి. మొన్నీమధ్య రవాణా 2,415, టీ, మంచినీళ్లు 2,105, స్టేషనరీ 1,860, కొరియర్ 1,240, రిపేర్లు 950, వెరసి 8,570 తేలింది. పెట్టెలో 1,390 ఉంది. రెండూ కలిపితే 9,960, అంటే నలభై తక్కువ. కొత్తలో అయితే వోచర్లు ఉన్నంతకే, 8,570కే చెక్కు రాయించేవాణ్ణి. అలా చేస్తే ఫ్లోట్ 9,960 అయిపోతుంది, ఆ నలభై ప్రతిసారీ మళ్లీ ఎదురవుతుంది. రాయాల్సిన చెక్కు 8,610. తేడా నలభై ‘నగదు తరుగు’ అని ఇంకో డెబిట్ లైను. ఓనరు ఆ లైను చూసి ఒకసారి నా మొహం చూస్తారు, సంతకం పెడతారు.

ఇంత ముద్దుగా చూసుకున్న ఎంట్రీయే రెండేళ్ల కిందట నా పరువు తీసింది. మార్చి మధ్యలో పెట్టె నింపాను. నెలాఖరున స్టాక్ లెక్కల టెన్షన్‌లో దాని జోలికి పోలేదు. 31 సాయంత్రం నగదు లెక్కపెట్టి, 3,680 అని చీటీ రాసి సంతకం పెట్టి ఫైల్లో వేశాను. అప్పటికి 6,320కి వోచర్లు ఉన్నాయి. ఏప్రిల్ 4న వాటికి కొత్త నెల వోచర్లు 1,150 కలిపి, 7,470కి ఎప్పటిలాగే ఒకే ఎంట్రీ వేశాను. పెట్టె నిండింది. ట్రయల్ బ్యాలెన్స్ కూడా చక్కగా కలిసింది.

జూన్‌లో ఆడిటర్ దగ్గర నుంచి వచ్చిన అమ్మాయి నా చీటీనీ లెడ్జర్‌నీ పక్కపక్కన పెట్టింది. “సార్, చీటీలో 3,680 ఉంది. పుస్తకంలో పది వేలు ఉన్నాయేంటి?” నా నోట మాట రాలేదు. పెట్టె నింపినప్పుడే ఖర్చు పుస్తకంలోకి ఎక్కుతుంది కాబట్టి, మధ్యలో ఏ రోజు చూసినా పుస్తకం పది వేలనే అంటుంది. మామూలు రోజుల్లో దానితో ఇబ్బంది లేదు. మార్చి 31న మాత్రం 6,320 ఖర్చు తర్వాతి సంవత్సరంలోకి జారిపోయింది, నగదు అంత ఎక్కువగా కనిపించింది.

సరిచేయడంలోనూ ఒక తప్పు చేశాను. మార్చి 31 తేదీతో ఖర్చు హెడ్లు డెబిట్, పెట్టీ క్యాష్ క్రెడిట్ 6,320 వేసి, ఏప్రిల్ ఎంట్రీని అలాగే వదిలేశాను. దాంతో ఖర్చు రెండుసార్లు పడింది. పెట్టెలో పది వేలు నింపిన తర్వాత కూడా లెడ్జర్ 3,680 దగ్గరే నిలబడి ఉండటం చూశాకగానీ అర్థం కాలేదు. ఏప్రిల్ 4 ఎంట్రీలో పెట్టీ క్యాష్ 6,320, ఏప్రిల్ హెడ్లు 1,150 డెబిట్, బ్యాంకు 7,470 క్రెడిట్ అని మార్చాక కలిసింది. అప్పటినుంచి మార్చి ఆఖరి పనిరోజున ఎంత చిన్న మొత్తమైనా నింపేస్తున్నాను. ఆ తర్వాత ఏమైనా ఖర్చయితే 31 తేదీతో పెట్టీ క్యాష్ క్రెడిట్ చేస్తాను.

‘ఒక్క ఎంట్రీ’ అన్నానుగానీ, అదీ పూర్తిగా నిజం కాదు. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకునే జీఎస్టీ బిల్లుల్ని సప్లయర్ పేరుతో విడిగా ఎక్కించి, నింపే ఎంట్రీలో ఖర్చు హెడ్ బదులు ఆ సప్లయర్‌ని డెబిట్ చేస్తున్నాను. పది వేల లెక్క కూడా నగదు తేడానే పట్టిస్తుంది. పంక్చర్ చీటీ టీ కుప్పలో పడినా మొత్తం కలుస్తుంది. అది కనిపెట్టాలంటే కుప్పలు ఇంకోసారి తిరగేయాల్సిందే.

నాకైతే ఇది బాగానే కుదిరింది. పెట్టె తాళం నా ఒక్కడి దగ్గరే ఉంటుంది, విడతకి పాతిక వోచర్లకు మించవు, నెలవారీ లాభనష్టాలు మా ఓనరు అడగరు. మా గుంటూరు బ్రాంచిలో పెట్టెను ఇద్దరు తీస్తారు. అక్కడ రోజుకారోజు రాసే పాత పద్ధతే ఉంచమన్నాను.