యానిమేషన్ ప్రాజెక్టులు దిద్దే రూబ్రిక్: కొన్నేళ్లు వాడాక నా మాట

విశాఖలో మా యానిమేషన్ కోర్సు సెమిస్టర్ ప్రాజెక్టులు కొన్నేళ్లుగా ఈ రూబ్రిక్‌తోనే దిద్దుతున్నాను. కథకు 30, టైమింగ్‌కు 30, పనితనానికి 25, శ్రమకు 15 మార్కులు. ఒక్కో వరుసకు నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక వాక్యం. నాలుగింటిలో టైమింగ్ వరుసే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది, అదీ ఒక మార్పు చేశాకే.

మొదట ఆ వరుసలో పై మెట్టుకు రాసి ఉన్న వాక్యం "కదలికలు సహజంగా ఉన్నాయి". దీంతో ఇద్దరం దిద్దితే ఇద్దరివీ వేరు వేరు మార్కులు. ఒక అమ్మాయి ప్రాజెక్టు దగ్గర ఈ తేడా బాగా బయటపడింది. భీమిలి ఒడ్డున కొబ్బరిచెట్టు కింద ఒకాయన నిద్రపోతుంటాడు, పక్కనే కాయ పడుతుంది, ఉలిక్కిపడి లేస్తాడు. నా తోటి లెక్చరర్ 30కి 24 వేశారు, నేను 16 వేశాను. ఆయన ఫ్రేములు లెక్కపెట్టారు. చెట్టు ఎత్తు సుమారు అయిదు మీటర్లు. అంత ఎత్తు నుంచి కాయ పడటానికి దాదాపు ఒక సెకను, అంటే 24 ఫ్రేములు. ఆ అమ్మాయి సరిగ్గా 24 ఫ్రేములే పెట్టింది. మరి నాకెందుకు ఆ కాయని తాడు కట్టి దించుతున్నట్టు అనిపించింది?

ఒక్కో ఫ్రేమూ జరిపి చూస్తే తెలిసింది. 12వ ఫ్రేముకి కాయ సరిగ్గా సగం దూరంలో ఉంది. నిజంగా పడే వస్తువు సగం సమయానికి పావు దూరమే దిగుతుంది, మిగతా ముప్పావూ రెండో సగంలోనే. కీఫ్రేములు `Linear` మీద ఉన్నాయి కాబట్టి ప్రతి ఫ్రేముకీ కాయ జరిగే ఎడం సమానంగా వచ్చింది. ఫ్రేముల సంఖ్య తప్పు కాదు, వాటి మధ్య ఎడం తప్పు. అందుకే ఆ వరుసని రెండుగా చీల్చాం: ఎన్ని ఫ్రేములు అన్నదానికి 15, ఎడానికి 15. ఇప్పుడు దిద్దితే ఆ ప్రాజెక్టుకు మొదటి దానిలో 14, రెండో దానిలో 5. ఇద్దరం ఒకే అంకె దగ్గరికి వచ్చాం. అంతకన్నా మేలు, ఏం సరిచేసుకోవాలో ఆ అమ్మాయికి మార్కుల్లోనే కనబడింది.

బ్లెండర్‌లో చేసేవాళ్లది ఇంకో రకం తప్పు. మొదటే ఉండే `Bezier` ని మార్చకుండా వదిలేస్తే, కాయ నేల తాకే ముందు నెమ్మదించి దూదిలా వాలుతుంది. అదీ ఎడం వరుసలోనే దొరికిపోతుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. నవ్వించడానికి కాయని కావాలని గాల్లో ఆపేవాళ్లుంటారు. వాళ్లని ఫిజిక్స్‌తో కొలవకూడదు. అందుకని ముందుగా చేసుకునే రఫ్ వీడియో, అంటే యానిమాటిక్‌లో, ఆ ఆగడం ముందే ఉందా అని చూస్తాం. ఉంటే ఉద్దేశం, లేకపోతే పొరపాటు.

కథ వరుస ఫరవాలేదు. మంచి పాట తగిలిస్తే అనుకోకుండానే రెండు మార్కులు ఎక్కువ వేసేస్తాం. అందుకే మొదటిసారి సౌండ్ తీసేసి చూడమని ఆ వరుస పక్కనే రాసుకున్నాం.

పనితనంలో నా ఫిర్యాదు డౌన్‌లోడ్ చేసిన రిగ్గుల గురించి. దించుకున్న బొమ్మ మెరిసిపోతుంటే, చేత్తో గీసినవాడిది పక్కన వెలవెలబోతుంది. దీనికి రూబ్రిక్‌లో ఏ జవాబూ లేదు. ఏది సొంతం, ఏది తెచ్చుకున్నది అని ఒక పేజీ రాసివ్వమంటున్నాం, సొంతదానికే మార్కులు.

అన్నిటికన్నా బలహీనమైంది శ్రమ వరుస. "రాత్రంతా కూర్చుని చేశాను మేడమ్" అంటే నేనేం వేయాలి? గంటలు లెక్కపెడితే నెమ్మదిగా చేసేవాడికి లాభం, ఇంట్లో మంచి కంప్యూటర్ లేక ల్యాబ్ మూసేలోపు ముగించాల్సినవాడికి నష్టం. పాత వాక్యం "బాగా కష్టపడ్డారు" కొట్టేసి, "రఫ్‌కీ ఫైనల్‌కీ మధ్య ఏం మారింది, ఎందుకు మారింది" అని పెట్టాం. తేదీలతో సేవ్ చేసిన ఫైళ్లు తెరిస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. పైన చెప్పిన అమ్మాయి రఫ్‌లో చెట్టు కింద పడుకున్నాయన లేవడం ఒకే పోజు. ఫైనల్‌లో ముందు భుజాలు కుదించుకుని తర్వాత లేచాడు. ఆ ఒక్క మార్పుకే పై మెట్టు వేశాను.

గ్రూపు ప్రాజెక్టులకు మాత్రం దీన్ని ఉన్నదున్నట్టు వాడకండి. మేం మొదటి మూడు వరుసలూ అందరికీ ఒకటే వేసి, శ్రమ ఒక్కటే విడివిడిగా వేస్తున్నాం. పని చేయనివాడికి కూడా 85 వరకు రావచ్చని విద్యార్థులు గొణుగుతారు, వాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది. వచ్చే సెమిస్టర్‌కి ఎవరి షాట్ వాళ్లదిగా పంచి, టైమింగ్ కూడా విడిగా వేద్దామని అనుకుంటున్నాం.