కంపెనీ లీజు కారు మధ్యలో కొనేస్తున్నారా? ఫోర్‌క్లోజర్ అంకె చూడగానే డబ్బు పంపకండి

బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తూ, జీతంలోంచి కట్ అయ్యే కంపెనీ లీజు కారు నడుపుతూ, ఇప్పుడు ఉద్యోగం మారబోతున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాజీనామా పెట్టాక కారు ఉంచుకుంటానని చెప్తే లీజింగ్ కంపెనీ ఒక మెయిల్ పంపుతుంది. అందులో ఒకే ఒక్క అంకె ఉంటుంది, కింద బ్యాంకు ఖాతా నంబరు ఉంటుంది. నాకు వచ్చిన అంకె 10 లక్షల 43 వేలు. న్యాయంగా రావాల్సింది 8 లక్షల 37 వేలు. తేడా రెండు లక్షల పైమాటే. కంపెనీ పేరు రాయను, ఎవరూ అడగొద్దు. ఒకే కంపెనీ ఒక ఉద్యోగికి సరిగ్గా, ఇంకొకరికి తప్పుగా లెక్కేసిన సందర్భాలు మా ఆఫీసులోనే ఉన్నాయి. కాబట్టి పేరు కంటే లెక్క తెలియడమే ముఖ్యం.

నా లీజు వివరాలు ఇవి. షెడ్యూల్లో చూపించిన పెట్టుబడి విలువ 12 లక్షలు, గడువు 48 నెలలు, చివర్లో మిగిలే రెసిడ్యువల్ వాల్యూ 3 లక్షలు. జీఎస్టీ కాకుండా నెలకు 31,000 కట్ అయ్యేది. 30 నెలలు కట్టేశాను, 18 మిగిలాయి. లీజింగ్ కంపెనీ ఏం చేసిందంటే 31,000ని 18తో గుణించి, దానికి రెసిడ్యువల్ 3 లక్షలు కలిపింది. 8 లక్షల 58 వేలు వచ్చింది. దాని మీద 3 శాతం ఫోర్‌క్లోజర్ ఛార్జీ, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. పైకి ఎంత సాఫీగా కనిపిస్తుందో చూడండి. మిగిలిన నెలలే కదా, కట్టాల్సిందే కదా అనిపిస్తుంది. హెచ్‌ఆర్‌లో అడిగితే వాళ్లూ అదే అన్నారు.

ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, ఆ 31,000 అంతా కారు డబ్బు కాదు. నా అద్దె విడగొట్టి చూస్తే కారు ఫైనాన్స్ భాగం 26,700, మిగతా 4,300 ఇన్సూరెన్స్‌కీ మెయింటెనెన్స్‌కీ. రాబోయే 18 నెలల సర్వీసింగ్ వాళ్లు చేయించరు, పాలసీ వాళ్లు కట్టరు, కారు నా పేరు మీదకి వచ్చాక అవన్నీ నా ఖర్చే. చేయని పనికి 77,400 అడుగుతున్నారన్నమాట. ఈ విడగొట్టిన లెక్క మీ నెలవారీ జీతం స్లిప్పులో దొరకదు. మొదట్లో కారు బుక్ చేసేటప్పుడు ఇచ్చిన కొటేషన్లో గానీ, లీజు షెడ్యూల్లో గానీ ఉంటుంది. పాత మెయిళ్లు వెతకండి.

రెండోది వడ్డీ. రాబోయే అద్దెల్లో రాబోయే నెలల వడ్డీ ఉంటుంది. ఈ రోజే మొత్తం కట్టేస్తే ఆ వడ్డీ పుట్టనే పుట్టదు. ఏడాదిన్నర తర్వాత కట్టాల్సిన రెసిడ్యువల్ 3 లక్షలకూ ఇదే సూత్రం. ఈ రోజు ఇస్తే అది 3 లక్షలు కాదు, దాదాపు రెండున్నర లక్షలే. హోమ్ లోన్ మధ్యలో తీర్చేసేవాళ్లని మిగిలిన ఈఎంఐలన్నీ కూడి కట్టమని ఏ బ్యాంకూ అనదు, మిగిలిన అసలు మాత్రమే అడుగుతుంది. ఇక్కడా అడగాల్సింది అదే.

కానీ లీజు కాగితాల్లో వడ్డీ రేటు ఎక్కడా రాయరు. అద్దె, గడువు, రెసిడ్యువల్ మాత్రమే ఉంటాయి. రేటు మనమే బయటికి తీయాలి. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఈ రెండు లైన్లు చాలు:

```
=RATE(48,-26700,1200000,-300000)
=PV(0.01,18,-26700,-300000)
```

మొదటి లైను నెలకు 1 శాతం అని చెప్తుంది, అంటే ఏడాదికి 12 శాతం. జవాబు సెల్‌లో 0.01 బదులు 1% అని కనిపించినా కంగారు పడకండి, రెండూ ఒకటే. రెండో లైనులో ఆ రేటు పెట్టి, మిగిలిన 18 నెలల అద్దెకూ చివరి రెసిడ్యువల్‌కూ ఈ రోజు విలువ ఎంతో అడుగుతున్నాం. 6 లక్షల 88 వేల 600 వచ్చింది. ఇదీ ఆ రోజుకి కారు మీద మిగిలిన అసలు. మీ అద్దె నెల మొదట్లోనే కట్ అయ్యే పద్ధతైతే రెండు లైన్లలోనూ చివర బ్రాకెట్ లోపల ఇంకో కామా వేసి 1 పెట్టండి. అద్దెలో జీఎస్టీ కలపకండి, కలిపితే రేటు పెరిగినట్టు తప్పుగా కనిపిస్తుంది. అన్నిటికంటే ముందు, ఫైనాన్స్ అద్దె మాత్రమే పెట్టారా అని చూసుకోండి. నేను 31,000 పెట్టి చూస్తే రేటు నెలకు 1.5 శాతం పైన వచ్చింది. ఆ అంకె తప్పు, దాంతో వాదనకి వెళ్తే మనమే ఇరుక్కుంటాం.

ఆ 6,88,600కి 3 శాతం ఛార్జీ, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 8 లక్షల 37 వేలు. ఫోర్‌క్లోజర్ ఛార్జీ అసలు మీద వేయాలి, మిగిలిన అద్దెల కూడిక మీద కాదు. ఆ ఛార్జీయే ఉండకూడదని కొందరు వాదిస్తారు, రిజర్వ్ బ్యాంకు ప్రీపేమెంట్ ఛార్జీలు తీసేసింది కదా అని. అది ఫ్లోటింగ్ రేటు అప్పుల కోసం పెట్టిన నియమం. మనది అప్పు కాదు, లీజు. పైగా లీజు తీసుకున్నది మనం కూడా కాదు, మన కంపెనీ. ఆ వాదనతో టైం వృథా.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఒప్పందం మన యజమానికీ లీజింగ్ కంపెనీకీ మధ్య జరిగింది. దాన్ని మాస్టర్ లీజ్ అగ్రిమెంట్ అంటారు, చాలామంది ఉద్యోగులు జీవితంలో చూసి ఉండరు. మధ్యలో మూసేస్తే ఏం కట్టాలో అందులోని ఒక క్లాజులో ఉంటుంది. హెచ్‌ఆర్‌ని ఆ క్లాజు ఉన్న పేజీ మాత్రం పంపమని అడగండి, మొత్తం ఒప్పందం ఇవ్వకపోయినా ఆ పేజీ ఇస్తారు. మా దాంట్లో షెడ్యూల్ ప్రకారం మిగిలిన అసలు అని స్పష్టంగా రాసి ఉంది. అదే నన్ను గట్టెక్కించింది. అక్కడే మిగిలిన అద్దెలన్నీ కట్టాలని రాసి ఉంటే మీ చేతిలో అంత బలం ఉండదు. అప్పుడు కూడా ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ భాగం తీసేయమని బేరమాడొచ్చు, వడ్డీ మాటకి వస్తే వాళ్ల దయ.

లీజింగ్ కంపెనీ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి మన తెలుగమ్మాయే. "అండీ, ఆ అంకె సిస్టమ్ ఇచ్చింది, మా చేతుల్లో ఏమీ లేదండీ" అంది. సిస్టమ్ ఇచ్చిందే అయితే దాని విడి లెక్క కూడా సిస్టమే ఇస్తుంది కదమ్మా, పంపమన్నాను. ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా కదలని అంకె, క్లాజు పేజీని, నా షీటుని జోడించి హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టి మెయిల్ పంపాక కదిలింది. సవరించిన కొటేషన్ నా లెక్కకి చాలా దగ్గరగా వచ్చింది. పైన డాక్యుమెంటేషన్ ఛార్జీ అని కొంచెం తగిలించారు, దాన్ని వదిలేశాను.

జీఎస్టీ గురించి ఒక ప్రశ్న తప్పకుండా రాతపూర్వకంగా అడగండి: ఈ కారు కొన్నప్పుడు కట్టిన పన్నుని మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకున్నారా? వాడుకుంటే అమ్మకం ధర మొత్తం మీద కారుకి వర్తించే రేటు వేస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోల్ కార్లకి అది 18 శాతం, పెద్ద కార్లకి 40 శాతం. వాడుకోకపోతే 18 శాతం మార్జిన్ మీద మాత్రమే. మార్జిన్ అంటే మీరు కట్టే ధరలోంచి, వాళ్ల ఆదాయపన్ను లెక్కల్లో తరుగుదల పోగా కారుకి మిగిలిన విలువ తీసేస్తే వచ్చేది. అది మైనస్‌లో ఉంటే పన్నే లేదు. పెద్ద కారున్నవాళ్లకి ఈ ఒక్క జవాబు మీద లక్షలు ఆధారపడి ఉంటాయి.

అంకె న్యాయమైనదే అని తేలినా కొనాలా అన్నది వేరే సంగతి. పన్ను తగ్గడంతో కొత్త కారు ధర తగ్గింది, దాంతో పాతదానికి వచ్చే ధరా తగ్గింది. మన లీజు అసలు మాత్రం పాత ధర మీదే నడుస్తుంది. నా కారుకి సెకండ్ హ్యాండ్ డీలర్లు చెప్పిన ధర 8 లక్షల 75 వేల దగ్గర. అంటే 8.37కి కొనొచ్చు, 10.43కి కొనడం తెలివితక్కువ పని. మీ లెక్కలో మార్కెట్ ధర తక్కువ వస్తే కారు వాపసు ఇచ్చేస్తే ఎంత కట్టాలో కూడా అడగండి. వాళ్లు అమ్ముకున్నాక తగ్గిన మొత్తం మన మీద వేస్తారు గనక ఊరికే పోదు. కొత్త కంపెనీకి అదే లీజింగ్ సంస్థతో ఒప్పందం ఉంటే లీజు అటు మార్చుకోవడం అన్నిటికంటే చవక. ఇక ఉద్యోగం మారని వాళ్లు ముందే కొనేద్దామనుకుంటే, 30 శాతం పన్ను పరిధిలో ఉంటే ఆగండి. అద్దె పన్నుకి ముందు జీతంలోంచి పోతోంది, కొనే డబ్బు పన్ను కట్టాక మిగిలినదాంట్లోంచి పోతుంది.

కొటేషన్ ఏ తేదీకి వేశారో చూడండి. నాకు నెలాఖరు తేదీతో ఇచ్చి, ఆ నెల అద్దె మళ్లీ జీతంలో కోసేశారు, అడిగాకే ఫైనల్ సెటిల్మెంట్లో వెనక్కి వేశారు. జవాబివ్వకపోతే మొత్తం సెటిల్మెంట్లోంచి పట్టుకుంటామని హెచ్‌ఆర్ మెయిల్ వస్తుంది. అది వచ్చాక బేరానికి టైం ఉండదు కాబట్టి నోటీసు పీరియడ్ మొదటి వారంలోనే కొటేషన్ తెప్పించుకోండి.

డబ్బు పంపేముందు ఆర్‌సీ మీద బ్యాంకు హైపోథికేషన్ ఉందేమో పరివాహన్‌లో చూసుకోండి. ఉంటే దాన్ని తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ ఎప్పుడిస్తారో తేదీతో సహా మెయిల్లో రాయించుకోండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్లుగా సంతకం పెట్టాల్సింది లీజింగ్ కంపెనీ, డబ్బు ముట్టాక వాళ్లకి తొందర ఉండదు. ఇన్సూరెన్స్ పాలసీ 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోవాలి. ఇన్నేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినా ఆ నో క్లెయిమ్ బోనస్ మామూలుగా పాత యజమానిదే. కారు మీకే కేటాయించారని, మీరొక్కరే నడిపారని దాని సొంతదారైన సంస్థ లేఖ ఇస్తే అది మీకు రావొచ్చు, లేకపోతే సున్నా నుంచి మొదలవుతుంది. అలాగైతే పెరిగే ప్రీమియం కూడా కారు ధరలో కలిపి చూసుకోండి.