రక్తపు మడుగా, తడి కంచమా? దెయ్యం కథకు ఏది మేలు?

అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపు ఒక పల్లె అనుకుందాం. మే నెల. పిల్లలు బెంగళూరుకు పనికి పోయారు, ఇంట్లో అవ్వ ఒక్కతే. ఇంకెవరో కూడా ఉన్నారని చదివేవాళ్లకు అనిపించాలి. ఎలా రాయాలి?

అర్ధరాత్రి అవ్వ లేచేసరికి నడవలో రక్తపు మడుగు, గోడ మీద చేతి ముద్రలు. ఇది ఒక దారి. ఒక్క పేరాతో ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ మన సీమ పల్లెలో నెత్తురు చూపిస్తే చదివేవాడి బుర్ర దెయ్యం వైపు పోదు, ముఠా కక్షల వైపు పోతుంది. ఎవరు నరికారు, ఏ వర్గం వాళ్లు, పోలీసులొచ్చారా? అంతే, దెయ్యం కథ కాస్తా ఫ్యాక్షన్ కథ అయిపోయింది. పైగా తర్వాతి పేజీలో అంతకంటే ఎక్కువ నెత్తురు పారించాలి, లేకపోతే చప్పబడుతుంది.

రెండో దారిలో ఒక స్టీలు కంచం చాలు. రాత్రి సంగటి తిని అవ్వ కంచం కడిగి బండ మీద బోర్లిస్తుంది. మొదటి రాత్రి ఇంతే రాయాలి. రెండో రాత్రి కూడా అదే పని, అయితే మధ్యలో ఒక మాట జారవిడవాలి: ఈ వేడికి అవ్వ చేతులు తుడుచుకునేలోపే కంచం ఆరిపోతోంది. చదివేవాడు అది ఎండల గురించిన మాట అనుకుని దాటిపోతాడు. మూడో రోజు తెల్లారి అవ్వ లేచి చూస్తే కంచం పక్కన ఇంకో కంచం బోర్లించి ఉంటుంది. రెండూ తడిగా ఉంటాయి.

ఆ తడే ఇక్కడ భయం. రాత్రి కడిగింది ఎప్పుడో ఆరిపోయి ఉండాలి. అంటే ఎవరో ఇప్పుడే కడిగి వెళ్లారు, బహుశా ఇంకా వెళ్లలేదు కూడా. ఈ లెక్క చదివేవాడే వేసుకోవాలి. అవ్వ మాత్రం కెవ్వున అరవకూడదు. ‘మతిమరుపు ఎక్కువైంది’ అనుకుని రెండు కంచాలూ లోపల పెట్టేస్తే టెన్షన్ రెట్టింపవుతుంది. అక్కడ ‘భయంకరమైన నిశ్శబ్దం’ లాంటి మాట ఒక్కటి పడిందా, అంతా చెడుతుంది.

ఈ పద్ధతి తప్పే చోట్లూ ఉన్నాయి. చదివినవాళ్లు ‘తడిగా ఉంటే ఏమైంది?’ అన్నారంటే ఆరిపోయే సంగతి ముందు సరిగా నాటలేదని అర్థం. కంచంతో పాటు తలుపు, గడియారం, కుక్క అన్నీ ఒకేసారి వింతగా ప్రవర్తిస్తే ‘ఓహో, దెయ్యం’ అని మొదట్లోనే తేల్చేసుకుంటారు. కథ మొత్తానికి వింత ఒక్కటే ఉండాలి, మిగతాదంతా మామూలుగా సాగాలి.

నా ఓటు కంచానికే. కాకపోతే మూడు రాత్రులు నడపడానికి చోటు కావాలి. కథ ఒకే పేజీ అయితే నెత్తురే సులువు. హత్య గురించే రాస్తున్నా అంతే, అక్కడ దాన్ని దాచిపెట్టడం దొంగాట.